కార్తీక కాశీ గ్రూప్ టూర్: పోస్టర్లకి లైకులు వస్తున్నాయి, సీట్లు నిండట్లేదు. ఎక్కడ తప్పు?

కాజీపేట_యాత్రలు
అందరికీ నమస్తే. చిన్న ఏజెన్సీ, ఆఫీసులో ఇద్దరం. ఈ కార్తీకానికి పెట్టుకున్న టూర్ ఇది: 2026 నవంబర్ 21 శనివారం సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్. 22 నుంచి 24 దాకా కాశీ, 24 మంగళవారం కార్తీక పౌర్ణమి, ఆ సాయంత్రం ఘాట్ల మీద దేవ దీపావళి. 25న గయ, 26న పిండప్రదానం చేయించి మళ్లీ కాశీ, 27న అయోధ్య, 28 రాత్రికి ప్రయాగ, 29న త్రివేణి స్నానం అయ్యాక తిరుగు రైలు. 36 సీట్లు, థర్డ్ ఏసీ, వంటవాళ్లు మనతోనే వస్తారు. మనిషికి 24,500.

ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టా, వాట్సాప్ బిజినెస్ మూడూ ఉన్నాయి. గతేడాది ఆగస్టు 1 నుంచి రోజుకో పోస్టర్ వేసినం. గుడి బొమ్మ, పైన "కాశీ యాత్ర", కింద ఫోన్ నంబర్. లైకులు వచ్చినయి, "ప్రైస్?" అని మెసేజ్‌లు వచ్చినయి, డబ్బు కట్టినోళ్లు మాత్రం 19 మంది. ఈసారి కూడా ఆగస్టు 1నే మొదలుపెడదామని అనుకుంటున్నం. రోజువారీ ప్రోగ్రాం, పోయినసారి వచ్చినవాళ్ల వీడియోలు, యాడ్ డబ్బు, ఈ మూడూ ఏ వరసలో వాడాలె?

రీల్_ఫస్ట్
పోస్టర్లు ఇప్పుడెవరూ చూడట్లేదు బ్రో. రీల్సే. మొదటి 3 సెకన్లలో గంగా హారతి మంటలు, పైన "కార్తీక పౌర్ణమికి కాశీలో ఉండాలనుందా?" అని అక్షరాలు. రోజుకి ఒకటి చొప్పున నెలకి 30 వేయండి. ఇంకో మాట, రైలు టికెట్లు 120 రోజుల ముందే తెరుచుకుంటాయి కాబట్టి జులై చివరికల్లా జనాన్ని పోగెయ్యాలి. ఆగస్టు 1 అంటే అప్పటికే లేటు.

పాత_టూర్_మేనేజర్
రీల్ గురించి చెప్పింది సగం నిజం, టికెట్ల గురించి చెప్పింది పాత లెక్క. 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 60 రోజులే, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. అంటే నవంబర్ 21 రైలుకి సెప్టెంబర్ 22 మంగళవారం ఉదయం 8 గంటలకి తెరుస్తారు. తిరుగు రైలు 29న కాబట్టి దానికి సెప్టెంబర్ 30న. రెండింటికీ మధ్య ఎనిమిది రోజుల ఖాళీ ఉంది చూశారా, మీ పోస్టుల క్యాలెండర్ అంతా ఆ రెండు తేదీల చుట్టూనే తిరగాలి.

ఇక గతేడాది క్యాలెండర్‌నే మళ్లీ వాడటం అసలు తప్పు. 2025లో కార్తీక పౌర్ణమి నవంబర్ 5. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి 24కి పోయింది, అంటే 19 రోజులు ఆలస్యం. ఆగస్టు 1 నుంచి రోజూ ఊదరగొడితే, టికెట్ చేతికొచ్చే రోజుకి మీ పోస్టర్ చూసి చూసి జనానికి విసుగొచ్చేస్తుంది. అప్పటికి మీ దగ్గర కొత్తగా చెప్పడానికీ ఏమీ మిగలదు.

పంచాంగంతో పాటు తేదీ మారేవి కొన్ని, మారనివి కొన్ని. పితృపక్షం, దసరా, దీపావళి అన్నీ కలిసే ఆలస్యమయ్యాయి. పింఛను మాత్రం ప్రతినెలా ఒకటో తేదీ అటూఇటూగానే పడుతుంది. మీ బండి ఎక్కేది ఎక్కువగా రిటైరైనవాళ్లు. టికెట్ తెరిచే ముందు వాళ్ల చేతిలో డబ్బు పడే చివరి తేదీ సెప్టెంబర్ 1. కాబట్టి అడ్వాన్సు అడగాల్సింది సెప్టెంబర్ 1 నుంచి 12 మధ్య. 14న వినాయక చవితి, ఆ వారం ఎవరూ మీ ఫోన్ ఎత్తరు. 27 నుంచి పితృపక్షం, అప్పుడు కొత్తగా డబ్బు కట్టడానికి చాలా ఇళ్లలో వెనకాడతారు. గయ ఉన్న టూర్ కాబట్టి మీకు కొంత మినహాయింపు దొరుకుతుంది గానీ దాన్ని నమ్ముకోవద్దు.

బస్సు_సుబ్బయ్య
మేము ప్రతి శనివారం తిరుపతి బస్సు వేస్తాం. గురువారం రాత్రి వాట్సాప్ స్టేటస్ పెడితే శుక్రవారం మధ్యాహ్నానికి నిండిపోద్ది. ఇంత క్యాలెండర్ దేనికండీ? ఖాళీ సీట్లున్నాయని స్టేటస్ పెట్టండి చాలు.

పాత_టూర్_మేనేజర్
సుబ్బయ్య గారూ, మీది రెండు రోజుల ప్రయాణం. సెలవు అక్కర్లేదు, పిల్లల్ని అడగక్కర్లేదు, ఎవరికి వాళ్లు నిర్ణయించుకుంటారు. కాశీకి పది రోజులు, పాతిక వేలు. ఆ ఇంట్లో కనీసం ముగ్గురు మాట్లాడుకోవాలి. వెళ్లే పెద్దావిడ, డబ్బు కట్టే కొడుకో కూతురో, "ఈ వయసులో ఎందుకమ్మా" అనే ఇంకొకరు. స్టేటస్ ఒక్క రోజులో పోతుంది, వీళ్ల మాటలు రెండు మూడు వారాలు సాగుతాయి.

డల్లాస్_కొడుకు
నేను ఏజెన్సీ వాణ్ణి కాదు, ఆ డబ్బు కట్టేవాణ్ణి. మా అమ్మ ఫేస్‌బుక్‌లో చూసిన పోస్టర్‌ని ఇంటి గ్రూపులో వేస్తుంది. అది మా దాకా వచ్చేసరికి ఒట్టి బొమ్మే మిగులుతుంది, కింద రాసిన వివరాలు రావు. పేజీ పేరు ఉండదు, ఏ సంవత్సరం టూరో తెలీదు. మాకు కావాల్సింది హారతి కాదు. గది ఎన్నో అంతస్తులో ఉంది, లిఫ్ట్ ఉందా, ఒక గదిలో ఎంతమంది, అమ్మకి ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు, రోజుకి ఎంత నడవాలి. ఈ అయిదింటికీ జవాబు ఉన్న పోస్టర్ ఒక్కటి కనబడితే ఫోన్ చేసి కట్టేస్తాం.

కాజీపేట_యాత్రలు
అన్నా, ఇది మాకు తట్టనే లేదు. పోయినేడు పోస్టర్ ఇప్పటికీ తిరుగుతున్నట్టుంది, పాత రేటు చెప్పి బేరమాడుతున్నరు.

పాత_టూర్_మేనేజర్
డల్లాస్ బాబు చెప్పిందే అసలు సంగతి. ప్రోగ్రాం పోస్టుని పేజీ చూసేవాళ్ల కోసం కాదు, ఫార్వర్డ్ అందుకునేవాళ్ల కోసం తయారు చేయాలి. బొమ్మల వరస వేస్తే ఇంటి గ్రూపులోకి ఏదో ఒక్క బొమ్మే వెళ్తుంది, ఏది వెళ్తుందో మీ చేతిలో లేదు. అందుకని ప్రతి బొమ్మ మీదా అడుగున సన్నని పట్టీలో నాలుగు సంగతులు ఉండాలి: బయల్దేరే తేదీ వారంతో సహా, ఎక్కే స్టేషన్లు, ఫోన్ నంబరు, "ఈ ధర 2026 సెప్టెంబర్ 12 వరకే" అన్న గడువు. ఆ చివరిది ఉంటే వచ్చే ఏడాది ఎవరూ పాత రేటు పట్టుకుని రారు.

పది రోజులకి పది బొమ్మలు వేయకండి. రైలు రోజులకి బొమ్మ దండగ. ఆరు చాలు: మొత్తం దారి ఒకటి, కాశీ మూడు రోజులు కలిపి ఒకటి, గయ ఒకటి, అయోధ్య, ప్రయాగ కలిపి ఒకటి, గదులు, భోజనం ఒకటి, ధరలో కలిసినవీ కలవనివీ ఒకటి. ఒక్కో బొమ్మలో ఏడెనిమిది వరసలకి మించితే అరవై ఏళ్ల కళ్లకి ఆనవు. మీ అమ్మగారి ఫోన్‌లో, కళ్లజోడు లేకుండా, చెయ్యి చాచి చూపించండి. చదవలేకపోతే అక్షరాలు పెంచి మాటలు తగ్గించండి.

కాశీ బొమ్మ మీద "విశ్వనాథుని దర్శనం" అని రాసి వదిలేస్తారు అందరూ. రాయాల్సింది వేరే. బస్సు గుడి దాకా పోదు, గొదౌలియా కూడలి దగ్గర్నుంచి నడవాలి. గుడిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, బయట లాకర్‌లో పెట్టాలి. 24 సాయంత్రం ఘాట్ల వైపు బళ్లు వదలరు, పడవ ఎక్కడానికి మెట్లు దిగాలి, తిరిగి గదికి చేరేసరికి బాగా పొద్దుపోతుంది. మోకాళ్లు పట్టేసిన వాళ్లకి ఆ రాత్రి గదిలోనే ఉండే ఏర్పాటు ఉంటే అదీ రాయండి. ఇవి రాస్తే జనం జడుసుకుంటారని భయపడతారు గానీ, జడుసుకునేవాళ్లు ఎలాగూ చివర్లో రద్దు చేసుకునేవాళ్లే. ముందే తప్పుకుంటే మీకు సీటు మిగులుతుంది.

ఓరుగల్లు_అక్క
ఆడవాళ్ల బ్యాచ్‌లు నడిపిస్త నేను. ఇంకోటి చెప్త. గయ బొమ్మల పిండప్రదానం పైసలు కలిసినయా లేవా రాయకపోతే అక్కడ లొల్లి ఖాయం. పంతులు దక్షిణ, సామాను, ఎవరెవరి పేర్ల మీద పెట్టాల్నో, ఒక్కో ఇంటిది ఒక్కో లెక్క. "పిండప్రదానం ఖర్చు ఎవరిది వాళ్లదే, పూజారిని మేము చూపిస్తం" అని పెద్ద అక్షరాలతోటి రాయున్రి. ఆటో చార్జీలు గూడ అంతే.

నాకొక డౌట్ ఉంది. ధర పోస్టర్ మీద వెయ్యాల్నా? మేం వేస్తే పక్క వీధోడు రెండో రోజుకే 500 తక్కువకి అదే పోస్టర్ వేస్తుండు.

రీల్_ఫస్ట్
వేయొద్దు అక్కా. ధర లేకపోతే అడగడానికైనా మెసేజ్ చేస్తారు. మెసేజ్‌లు పెరిగితే రీచ్ పెరుగుతుంది.

కాజీపేట_యాత్రలు
మేము వెయ్యలేదు పోయినసారి. 300 మంది "ప్రైస్?" అన్నరు. చెప్పగానే సగం మంది మాయం. రోజుకు రెండు గంటలు దానికే పోయినయి.

పాత_టూర్_మేనేజర్
ఇద్దరే ఉన్న ఆఫీసుకి ధర వేయడమే మేలని నా లెక్క. పక్కవాడు 500 తగ్గించాడంటే స్లీపర్ వేస్తున్నాడో, గదికి నలుగుర్ని పెడుతున్నాడో, గయ ఎత్తేశాడో చూడండి. మీ బొమ్మ మీద "థర్డ్ ఏసీ, గదికి ముగ్గురు" అని ధర పక్కనే ఉంటే అడిగేవాడే పోల్చుకుంటాడు.

ఓరుగల్లు_అక్క
నువ్వు చెప్పింది కాగితం మీద మంచిగనే ఉంది. మా ఏరియాల పోల్చుకునేటోళ్లు తక్కువ, తక్కువ నంబర్ చూసి పోయేటోళ్లే ఎక్కువ. నేనైతే ధర వెయ్య.

నెల్లూరు_యాడ్స్
యాడ్ల సంగతి నేను చెప్తా. నొక్కితే నేరుగా వాట్సాప్ తెరుచుకునే యాడ్ వాడండి, పేజీ లైకుల యాడ్‌కి ఒక్క రూపాయి కూడా వద్దు. అందులో ముందే రాసి ఉంచే మెసేజ్ ఒకటి ఉంటుంది, దాన్ని చాలామంది అలాగే వదిలేస్తారు. మీరు మార్చి "నవంబర్ 21 కాశీ యాత్ర, మేము ___ మంది, ఎక్కేది ___" అని పెట్టండి. ఊరికే నొక్కినోడు ఖాళీలు నింపడు, నింపినోడు నిజంగా వచ్చేవాడు. అక్కడే సగం వడపోత అయిపోతుంది.

చూపించాల్సిన ప్రాంతం సికింద్రాబాద్, కాజీపేట, వరంగల్ చుట్టుపక్కలే. రెండు రాష్ట్రాలకీ పెడితే కర్నూలు నుంచి ఫోన్లు వస్తాయి, వాళ్లు మీ రైలెక్కలేరు. వయసు 45 పైన ఒకటి, 28 నుంచి 45 ఒకటి, రెండు వేర్వేరు యాడ్లు. పెద్దవాళ్లకి ప్రోగ్రాం బొమ్మ, పిల్లలకి "అమ్మానాన్నల్ని పంపండి" అంటూ గదులు, భోజనం బొమ్మ. రోజుకి 300 చొప్పున పది రోజులు. మధ్యలో రోజూ మార్పులు చేస్తూ కూర్చోవద్దు, మార్చినప్పుడల్లా యాడ్ ఎవరికి చూపించాలో ఫేస్‌బుక్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటుంది.

పాత_టూర్_మేనేజర్
300ని రెండు యాడ్లకి చీలిస్తే ఒక్కోదానికి 150. అంత చిన్న మొత్తంతో అది నేర్చుకునేది ఏముంటుంది? వారానికి యాభై దాకా ఫలితాలు వస్తేగానీ కుదురుకోదని మెటా వాళ్లే అంటారు కదా. నేనైతే ఒకే యాడ్, ఒకే వయసు, 300 మొత్తం దాని మీదే.

నెల్లూరు_యాడ్స్
సిద్ధాంతం ప్రకారం మీరన్నదే కరెక్టు. కానీ కొడుకుకీ అమ్మకీ ఒకే బొమ్మ పనిచేయదు కదండీ. రెండు బొమ్మలూ ఒకే యాడ్ సెట్‌లో పెట్టి చూడొచ్చు, కాకపోతే అది డబ్బంతా ఒక బొమ్మకే పెట్టేసే ప్రమాదం ఉంది. ఈ విషయంలో తేల్చి చెప్పలేను. ఐదు రోజులు ఒక రకం, ఐదు రోజులు ఇంకో రకం నడిపి, ఖాళీలు నింపి వచ్చిన మెసేజ్‌లు లెక్కపెట్టుకోండి. లైకులు కాదు, "ప్రైస్" మెసేజ్‌లు కాదు, ఖాళీలు నింపినవే.

కాజీపేట_యాత్రలు
ఆ పది రోజులు ఎప్పుడు పెట్టాలె?

నెల్లూరు_యాడ్స్
ఆగస్టు 25 నుంచి సెప్టెంబర్ 3. ఇంట్లో మాటలు సాగడానికి వారం, ఒకటో తేదీ పింఛను, తర్వాత అడ్వాన్సు. ఆగస్టు మొదట్లో యాడ్ పెడితే "చూద్దాంలే" అంటారు.

విమానం_బాబు
మాకు బాలి, వియత్నాం హనీమూన్ ప్యాకేజీలు ఉన్నాయి. ఇదే పద్ధతి పనికొస్తుందా? రోజువారీ ప్రోగ్రాం వేస్తున్నాం గానీ కట్టేవాళ్లు లేరు.

పాత_టూర్_మేనేజర్
అది జంట టూర్. బయల్దేరే తేదీ పెళ్లి ముహూర్తం చెబుతుంది, మీరు కాదు. ఇక్కడ మాట్లాడుతున్నది అందరూ ఒకే రోజు ఎక్కే బండి గురించి. వేరే పోస్టు మొదలుపెట్టండి, అక్కడ చెప్పుకుందాం.

కాజీపేట_యాత్రలు
వీడియోల సంగతి చెప్పండి. పోయినసారి వచ్చినవాళ్లతోటి ఆరు తీసినం. అందరూ "చాలా బాగుంది, భోజనం బాగుంది, మళ్లీ వస్తం" అన్నరు. వేస్తే వాళ్ల చుట్టాలే చూసిన్రు.

ఓరుగల్లు_అక్క
"ఎట్లుంది?" అని అడిగినవ్ కాబట్టి "మంచిగుంది" అన్నరు. నేను అడిగేది ఒకటే: "ఇంట్ల బయల్దేరంగ ఏమని భయపడ్డవ్?" అప్పుడు వస్తది మాట. ఒకామె మెట్లు ఎక్కలేనేమో అనుకుంటది, ఒకామెకు షుగర్, టైంకి అన్నం దొరకదని భయం, ఇంకొకామెకు ఒంటరిగ పోతే గదిల ఎవరితోటి వేస్తరో అని. తర్వాత రెండో ప్రశ్న: "మరి అక్కడ ఎట్ల జరిగింది?" అంతే. రెండు ప్రశ్నలకి కలిపి 40, 50 సెకన్లు. ఒక్కో వీడియోల ఒక్క భయమే ఉండాలె.

తీసే చోటు గూడ ముఖ్యమే. ఘాట్ మీద తీస్తే పడవ మోటర్ల సప్పుడుకి మాట వినరాదు. మధ్యాహ్నం భోజనమైనంక గదిల కిటికీ పక్కన కూసోబెట్టి, ఫోన్ నిలువుగ పట్టి, తీగ మైకు కొంగుకు తగిలించి తియ్యి. తిరుగు రైలుల తీస్తే అందరూ అలసిపోయి ఉంటరు. మాటలు కింద తెలుగుల చేత్తో టైప్ చెయ్యి, సౌండ్ పెట్టకుండ చూసేటోళ్లు శానా మంది.

పాత_టూర్_మేనేజర్
అక్క చెప్పినదానికి రెండు కలుపుతాను. ఒకటి, వాళ్ల మాటల్లో ఒక లోపం ఉంటే కత్తిరించకండి. "గయలో గది చిన్నది, కానీ ఒక్క రాత్రే కదా" అన్న ముక్క ఉంటేనే మిగతావి నిజమని నమ్ముతారు. ఆ ముక్క తీసేస్తే అది మీరు రాసిచ్చి చెప్పించినట్టే ఉంటుంది.

రెండు, పిండప్రదానం దగ్గర కెమెరా తీయొద్దు. అక్కడ ఏడుస్తారు, గుండు చేయించుకుంటారు, పోయినవాళ్ల పేర్లు పైకి చెబుతారు. ఆ వీడియో పేజీ మీద పెట్టడం తప్పు, కొందరు పెడుతున్నారు. ఎవరి వీడియో వాడినా ముందు వాట్సాప్‌లో వాళ్ల నుంచి "నా వీడియో మీ పేజీలో వేసుకోవచ్చు" అని ఒక్క లైను తెప్పించుకుని దాచండి. ఇంటి పేరు, ఊరు పూర్తిగా వేయకండి. పది రోజులు ఇల్లు తాళం వేసి ఉందని ఊరందరికీ చెప్పినట్టవుతుంది. అందుకే వీడియోలు అందరూ ఇల్లు చేరాకే వేయండి.

రీల్_ఫస్ట్
రివ్యూ రాస్తే తర్వాతి టూర్‌లో 500 తగ్గింపు ఇస్తే? గూగుల్‌లో స్టార్లు పెరుగుతాయి.

నెల్లూరు_యాడ్స్
గూగుల్ ఒప్పుకోదు. డబ్బో తగ్గింపో ఇచ్చి రాయించిన రివ్యూలు వాళ్ల నిబంధనలకి విరుద్ధం, పట్టుబడితే తీసేస్తారు. వీడియో చెప్పినవాళ్లకి ఉచితంగా సీటు ఇచ్చినా, తగ్గింపు ఇచ్చినా ఆ సంగతి వీడియో మీదే రాయాలి. ఆ గోల లేకుండా, ఏమీ ఇవ్వకుండా అడగడమే సుఖం. ఇంటికి చేరిన మూడో రోజు అడగండి, ఒళ్లు నొప్పులు తగ్గి ఫొటోలు చూసుకుంటూ ఉంటారు.

పాత_టూర్_మేనేజర్
వీడియోల కంటే బాగా పనిచేసేది ఇంకోటి ఉంది. బయల్దేరిన రోజు "నవంబర్ 21 కాశీ" అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, యాత్రికుల్ని కాదు, వాళ్ల ఇళ్లలోవాళ్లని వాళ్ల ఒప్పుకోలుతో చేర్చండి. అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా సెట్టింగు మార్చండి, లేకపోతే శుభోదయాలతో నిండిపోతుంది. రోజూ రాత్రి 8కి టూర్ మేనేజర్ రెండు ఫొటోలు, మూడు లైన్లు: ఈ రోజు ఎక్కడ, అందరూ భోంచేశారు, రేపు ఎన్నింటికి బయల్దేరతాం. అంతే. రైలు ఆలస్యమైతే అదీ రాయండి, ముందు మీరే చెప్పండి. ఆ ఫొటోలు వాళ్లే తమ చుట్టాల గ్రూపుల్లో వేస్తారు. టూర్ అయిన వారానికి ఆ గ్రూపు మూసేస్తూ "వచ్చే టూర్ తేదీలు పంపమంటారా?" అని విడిగా ఒక్కొక్కరినీ అడిగి, ఊఁ అన్నవాళ్లనే జాబితాలో రాసుకోండి.

కాజీపేట_యాత్రలు
బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పోయినేడు నంబర్లు 240 ఉన్నయి. పంపితే పది మంది కూడా చూడట్లేదు.

నెల్లూరు_యాడ్స్
ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు, ఆ లెక్కలో ఇబ్బంది లేదు. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉండకపోతే మెసేజ్ అసలు చేరదు, అదీ సంగతి. చూడలేదని మీరనుకుంటున్నారు, వాళ్లకి రానేలేదు. టికెట్ పీడీఎఫ్ పంపే రోజున "ఈ నంబరు సేవ్ చేసుకోండి, రైలు కబుర్లు దీంట్లోనే వస్తాయి" అని రాయండి. ఆ రోజు అందరూ చేసుకుంటారు. టూర్ అయిపోయాక అడిగితే ఎవరూ చేసుకోరు.

చార్‌ధామ్_ప్రశ్న
వచ్చే మేలో చార్‌ధామ్ పెట్టాలని ఉంది. తేదీలు ఇప్పుడే ప్రకటించి పోస్టులు మొదలుపెట్టొచ్చా?

పాత_టూర్_మేనేజర్
నెల చెప్పండి, తేదీ చెప్పకండి. బదరీనాథ్ తెరిచే రోజు వసంత పంచమికి నరేంద్రనగర్‌లో ప్రకటిస్తారు, కేదార్‌నాథ్‌ది శివరాత్రికి ఉఖీమఠ్‌లో. గంగోత్రి, యమునోత్రి అక్షయ తృతీయకి తెరుస్తారు. శివరాత్రి దాకా "తేదీ త్వరలో" అని పేర్లు రాసుకోవడమే చేసి, ఆ రోజు సాయంత్రానికి తేదీలున్న బొమ్మ సిద్ధంగా పెట్టుకోండి. ఆ రెండు రోజులూ జనం వాళ్లంతట వాళ్లే వెతుకుతారు. వీడియోలకి కూడా ముందే ఆలోచించుకోండి, 2024లో ఆ గుళ్లకి 50 మీటర్ల లోపల రీల్స్ తీయొద్దని ఉత్తరాఖండ్ ప్రభుత్వం ఆదేశమిచ్చింది. దారి, గది, భోజనం, వీటినే తీసుకోవాలి.

కాజీపేట_యాత్రలు
మా టూర్‌కి ఇట్ల రాసుకున్న, చూడున్రి. జులై చివర్ల తేదీలు, దారి బొమ్మ ఒక్కటే. ఆగస్టుల వారానికి రెండు: ఒక ప్రోగ్రాం బొమ్మ, పోయినేటి వాళ్ల భయం వీడియో ఒకటి (తీసినయి ఆరిట్ల రెండే పనికొస్తయి, నాలుగు ఫోన్ల అడిగి ఆడియో తీసుకుని ఫొటోల మీద వేస్తం). ఆగస్టు 25 నుంచి యాడ్. సెప్టెంబర్ 1 నుంచి 12 అడ్వాన్సు 5,000, ఆధార్‌ల ఉన్నట్టే పేరు, వయసు. 22న పోయే టికెట్లు కాగానే ఆ సంగతి పోస్టు. 30 తర్వాత మిగిలిన సీట్లు.

పాత_టూర్_మేనేజర్
బాగుంది. ఒక్కచోట ఆగండి. 22న "టికెట్లు కన్ఫర్మ్" అని పోస్టు వేస్తే తిరుగు టికెట్లు కూడా అయ్యాయనుకుంటారు. 30న తిరుగు రైలులో నలుగురికి వెయిటింగ్ వస్తే అప్పుడు మీ మాట పోతుంది. 22న "పోయే టికెట్లు అయ్యాయి, తిరుగు టికెట్లు 30న" అనే రాయండి. టికెట్ ఫొటో వేయాలనుకుంటే పీఎన్‌ఆర్, పేర్లు చెరిపేయండి. పీఎన్‌ఆర్ ఉంటే చాలు, ఎవరైనా ఆ బోగీ, సీటు చూడగలరు.

కాశీ గదులు మాత్రం టికెట్లతో పాటు చూద్దామనుకోకండి. దేవ దీపావళికి ఘాట్ల దగ్గర గదులు చాలా ముందే అయిపోతాయి. జులైలో గది అడ్వాన్సు మీ జేబు నుంచి కట్టి, గదుల బొమ్మ మీద ఆ గదుల ఫొటోలే వేయండి. వేరే హోటల్ ఫొటో వేసి అక్కడ ఇంకోటి చూపిస్తే, ఆ రాత్రే ఇంటి గ్రూపులో మీ పేరు తిరుగుతుంది.

కాజీపేట_యాత్రలు
36కి గది అడ్వాన్సు కట్టి 19 మందే వస్తే?

ఓరుగల్లు_అక్క
అందుకే 24కి కట్టు, మిగిలిన 12కి కొంచెం దూరంల చూసిపెట్టు. కానీ బొమ్మ మీద "మొదటి 24 మందికి ఘాట్ దగ్గర గదులు" అని రాయాలె. అది రాస్తే అడ్వాన్సు తొందరగ కూడ వస్తది. సెప్టెంబర్ 12 దాటినంక 24 నిండకపోతే టూర్ ఆపుతవా, నడిపిస్తవా అన్నది గూడ ఇప్పుడే తేల్చుకో, అడుగుతరు.

డల్లాస్_కొడుకు
అడుగుతాం. ఆపితే ఎన్ని రోజుల్లో డబ్బు తిరిగిస్తారో కూడా ఆ ఆరో బొమ్మ మీదే వేయండి.

కాజీపేట_యాత్రలు
22 మంది కంటే తక్కువైతే ఆపుతం, ఏడు రోజుల్ల పైసలు వాపస్. గిట్ల రాస్తే సరిపోతదా?

పాత_టూర్_మేనేజర్
ఏ తేదీకి లెక్కపెడతారో కూడా రాయండి. "సెప్టెంబర్ 15 నాటికి 22 మంది లేకపోతే" అని. 22న టికెట్లు తీశాక ఆపితే రద్దు ఖర్చు ఎవరిదన్న గొడవ మొదలవుతుంది. మీ దారి బొమ్మ ఇక్కడ పెట్టండి, అక్షరాలు సరిపోయాయో లేదో చూస్తాను.

కాజీపేట_యాత్రలు
రాత్రికి పెడత. అమ్మ ఫోన్‌ల ముందు చూసి.